బైపాస్ తర్వాత గుమ్మం దగ్గరే ఆగిపోయిన మాట

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 63. మాది ప్రొద్దుటూరు. టీచరుగా చేసి రిటైరయ్యాను. ఏడు నెలల కిందట బైపాస్ ఆపరేషన్ అయింది. నడక, తిండి అన్నీ బాగానే ఉన్నాయి గానీ అంగస్తంభన సరిగా ఉండటం లేదు. కాలి నరం తీసి గుండెకు వేశారు కదా, అందుకే నరాల బలహీనత వచ్చిందేమోనని అనుమానం. అదంతా బీపీ మాత్ర వల్లేనని ఒక మిత్రుడు అంటే మెటోప్రొలాల్ వారం నుంచి మానేశాను. మా గుండె డాక్టరును అడుగుదామంటే, ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకుంటాడేమోనని నోరు రావడం లేదు. మందుల షాపులో మాత్ర కొని వేసుకోవచ్చా? గుండెకేమైనా అవుతుందా?

జవాబు: మాస్టారూ, మిగతాది తర్వాత చదువుదురు గానీ, ముందు మీ డాక్టరుకు ఫోన్ చేసి మెటోప్రొలాల్ మానేసిన సంగతి ఇవాళే చెప్పండి. గుండె వేగాన్ని అదుపులో పెట్టే మాత్ర అది. ఉన్నట్టుండి ఆపేస్తే గుండె పరుగందుకుంటుంది, బీపీ ఎగురుతుంది, పోయిన ఛాతీ నొప్పి తిరిగొస్తుంది. కొందరికి గుండెపోటే వస్తుంది. వారం ఆపాక పాత మోతాదుతోనే మొదలుపెట్టాలా, తక్కువతో మొదలుపెట్టాలా అన్నది మీ నాడి, బీపీ చూసి ఆయనే చెప్పాలి. నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేసినట్టు ఉంటే మాత్రం ఫోన్‌తో సరిపెట్టుకోకండి, ఆసుపత్రికే వెళ్లండి.

ఇక షాపు మాత్ర సంగతి. మీ మందుల చీటీని మీ డాక్టరు ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఒకసారి చూసేదాకా అది కొనకండి. ఎందుకంటున్నానో చెప్పాలంటే కర్నూలులో నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన కథ చెప్పాలి. ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆయనకు 66 ఏళ్లు. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కేసీ కాలువ మీద, సుంకేసుల నుంచి నంద్యాల దాకా సైకిలు తొక్కీ, తర్వాత మోటారుబండి మీదా తిరిగి రిటైరైన మనిషి. షుగరు పన్నెండేళ్లుగా ఉంది. మూడు రక్తనాళాలకు బైపాస్ జరిగింది. రెండు మూడు నెలలకోసారి చూపించుకోవడానికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఒకటే వరస. పరీక్ష అయ్యాక చీటీ మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా పోతాడు. కర్టెను మీద చెయ్యి వేసి ఆగుతాడు. వెనక్కి తిరుగుతాడు. “సార్, గుడ్డు తినొచ్చునా?” అంటాడు. తెల్లసొన తినమంటాను. ఇంకోసారి “బస్సులో కడపకు పోయి రావచ్చునా?” అంటాడు. పొమ్మంటాను. “సరే సార్” అని వెళ్లిపోతాడు, నేను తర్వాతి మనిషిని పిలుస్తాను.

పద్నాలుగు నెలలు ఇట్లాగే జరిగింది. గుడ్డు గురించి అడగడానికి మనిషి గుమ్మం దగ్గర అంతసేపు నిలబడడని నాకు తట్టలేదు. ఆపరేషన్ అయ్యాక ఉప్పెంత, నడకెంత, కుట్లకు ఏం రాయాలి అన్నీ చెప్పాను. భార్యతో ఎప్పటి నుంచి కలవచ్చు, అందులో ఇబ్బందేమైనా ఉందా అని ఒక్క మాట అడగలేదు. అడగాల్సింది నేను. మీరు రాసిన ఆ “నోరు రావడం లేదు” చదివినప్పుడు తప్పు మీవైపు కంటే మావైపే ఎక్కువ అనిపించింది.

ఒక సోమవారం పొద్దున్నే ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. శనివారం రాత్రి స్నానాల గది దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడట. షుగరు పడిపోయిందని ఆయమ్మ మిషన్‌తో చూస్తే 146 ఉంది. షుగరు పడిపోతే 70 లోపు ఉండాలి కదా, మరి ఇదేంటని భయపడి పక్కవీధి ఆర్‌ఎంపీని పిలిచారు. పైబీపీ 80 ఉందన్నాడట. పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెడితే అరగంటకు తేరుకున్నాడు. నేను తీసిన ఈసీజీలో కొత్త తేడా ఏమీ లేదు. “ఆ రాత్రి కొత్తగా ఏమన్నా వేసుకున్నారా?” అని అడిగితే ఆయన నావైపు చూడలేదు, భార్యవైపు చూశాడు. “అమ్మా, రెండు నిమిషాలు బయట కూర్చుంటారా” అన్నాను. ఆమె వెళ్లాక చొక్కా లోపలి జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

“నరాల పొడి సార్. బస్టాండు కాడ లాడ్జీకి వారానికొకసారి ఒకాయన వస్తాడు. మూడు వేలు తీసుకున్న్యాడు. మిమ్మల్ని అడగాలని ఎన్నిసార్లో అనుకున్న్యా, నోరు రాల్యా.”

ఇటువంటి పొడుల్లో, ‘అంతా మూలికలే’ అని అమ్మే మాత్రల్లో సిల్డెనాఫిల్ కలిపి ఉండటం చాలా దేశాల్లో మందుల పరీక్షల్లో బయటపడింది. మందుల షాపులో మీరు కొందామనుకుంటున్నదీ అదే మందు, లేదా దాని తమ్ముడు టడలాఫిల్. ఆ పొట్లంలో అదే ఉందని నేను పరీక్ష చేయించి చెప్పడం లేదు. కానీ ఆయన రోజూ పొద్దున వేసుకునే మాత్రల్లో గుండెనొప్పికి ఇచ్చే నైట్రేటు మాత్ర, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 30 మిల్లీగ్రాములు ఉంది. ఆ రాత్రి జరిగింది అచ్చం ఆ రెండూ కలిస్తే జరిగేట్టే ఉంది.

ఆయనకు అర్థమయ్యే భాషలోనే చెప్పాను. “రక్తనాళాలను వదులు చేసే పదార్థం ఒకటి ఒంట్లోనే తయారవుతుంది. దాన్ని చెరువులో నీళ్లనుకోండి. పని అయిపోయాక ఎక్కువైన నీళ్లు మరువ మీదుగా బయటికి పోవాలి. గుండెనొప్పికి ఇచ్చే నైట్రేటు మాత్ర పైనుంచి చెరువులోకి నీళ్లు వదులుతుంది. ఈ సిల్డెనాఫిల్ కింద మరువకు అడ్డం కడుతుంది. ఒక్కొక్కటైతే చెరువు తట్టుకుంటుంది. రెండూ ఒకే రాత్రి జరిగితే?”

“కట్ట తెగుతాది సార్” అన్నాడు వెంటనే.

తెగడమంటే ఇక్కడ ఒళ్లంతా రక్తనాళాలు ఒక్కసారి వదులైపోయి బీపీ పాతాళానికి పోవడం. కొత్తగా కుట్టిన నాళాల్లోకి కూడా చాలినంత రక్తం అందదు. అప్పుడు స్పృహ తప్పొచ్చు, గుండెపోటు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే నైట్రేటు వాడేవాళ్లకు సిల్డెనాఫిల్, టడలాఫిల్ పూర్తిగా నిషేధం. ‘కొద్దిగా వేసుకుంటే ఏం కాదులే’ అనే వెసులుబాటు ఇందులో లేదు. ఒక చిత్రం చెప్పాలి: సిల్డెనాఫిల్‌ను మొదట తయారుచేసి పరీక్షించింది గుండెనొప్పి కోసమే. నొప్పికి పెద్దగా పనికిరాలేదు గానీ ఈ గుణం బయటపడి, 1998లో అమెరికాలో అంగస్తంభన మందుగా అనుమతి పొందింది. అంటే గుండెను చెడగొట్టే మందు కాదది. నైట్రేటుతో కలవడమే ప్రమాదం.

తర్వాత మెల్లగా అడిగాను, ఇది ఎప్పటి నుంచి అని. “ఆపరేషన్ కాడి నుంచే సార్, కాలి నరం తీసినారు కదా” అన్నాడు, సరిగ్గా మీరు రాసినట్టే. మన మాటల్లోనే ఒక చిక్కు ఉంది మాస్టారూ. రక్తం పారే గొట్టాన్నీ నరమే అంటాం, కబురు మోసే తీగనూ నరమే అంటాం. కాలి నుంచి తీసింది సిర, చెడు రక్తాన్ని పైకి తీసుకుపోయే గొట్టం. కాలిలో అలాంటివి ఇంకా ఉన్నాయి, ఆ పని అవి చూసుకుంటాయి. అంగస్తంభనకు కబురు మోసే నరాలు నడుము కింద వెన్నుపూస నుంచి పొత్తికడుపు లోపలి గుండా వస్తాయి. మీ కాలి కోత ఆ దరిదాపులకు పోదు. గోడల మీద రాసే ‘నరాల బలహీనత’ అనే జబ్బుకూ మీ ఆపరేషన్‌కూ సంబంధం లేదు. షుగరు ఎక్కువకాలం అదుపు తప్పితే నిజంగానే నరాలు దెబ్బతింటాయి, అది వేరే లెక్క.

“బాగా గుర్తు తెచ్చుకోండి, ఆపరేషన్‌కు ముందు ఎట్లా ఉండేది?” అని మళ్లీ అడిగాను. చాలాసేపు ఆలోచించి, రిటైరయ్యే ముందు నుంచే తగ్గిందని, వయసనుకుని వదిలేశానని చెప్పాడు. లెక్కేస్తే గుండెనొప్పి రావడానికి సుమారు మూడేళ్ల ముందు. చాలామందిలో జరిగేది ఇదే. గుండెకు రక్తం తెచ్చే నాళం లోపలి వెడల్పు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. అంగానికి పోయే నాళం ఒకటి, రెండు మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకోవడం ఒళ్లంతా ఒకేసారి మొదలైనా ముందు పూడేది సన్నదే. “మేటేస్తే ముందు పిల్లకాలువే పూడుతాది, పెద్దకాలువలో తెలిసేసరికి లేటు” అన్నాడు ఆయనే. బైపాస్ చేసింది గుండె దగ్గర పూడిన చోటును తప్పించి పక్కనుంచి దారి వేయడం. కిందనున్న పిల్లకాలువలు అట్లాగే ఉన్నాయి. ఆపరేషన్ దీన్ని తేలేదు, పోగొట్టనూ లేదు. మీ విషయంలోనూ మొదలైంది ఈ ఏడు నెలల్లోనేనా, అంతకుముందేనా అన్నది నిజాయితీగా గుర్తు తెచ్చుకుని మీ డాక్టరుకు చెప్పండి, దాన్నిబట్టి చికిత్స మారుతుంది.

తెల్లవారుజామున దానంతటది స్తంభన వస్తోందా అని కూడా అడిగాను. ఆ వేళ బాగానే వచ్చి భార్య దగ్గర మాత్రం రాకపోతే గొట్టాలు, నరాలు పనిచేస్తున్నట్టే. అడ్డుపడుతున్నది ఎక్కువగా భయం. ఆయనకు అప్పుడప్పుడు, అదీ సగంసగం వస్తోందన్నాడు. అంటే రక్తనాళాల లోటు ఉంది, దాని మీద భయం కూడా ఉంది. ఆ భయం ఎవరిదో తర్వాత తెలిసింది.

మందు రాయడానికి ముందు గుండె ఆ శ్రమకు సిద్ధంగా ఉందో లేదో చూడాలి. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తి ఒకటి అనుకుంటే, ఎప్పటినుంచో కలిసి ఉన్న భార్యాభర్తల కలయికలో మూడు నుంచి ఐదు దాకా ఖర్చవుతుంది, అదీ కొద్ది నిమిషాలే. ఆగకుండా రెండంతస్తుల మెట్లెక్కినంత పని. ట్రెడ్‌మిల్ పరీక్షలో ఆయన ఆరు నిమిషాలు దాటి నడిచాడు. ఆరు నిమిషాలకు రెండో దశ పూర్తవుతుంది, అప్పటికి ఆ ఖర్చు ఏడు దాకా వెళుతుంది. నొప్పి రాలేదు, ఈసీజీ మారలేదు, బీపీ తగ్గలేదు. ఎకోలో గుండె పంపింగ్ బాగుంది. రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి అంతవరకు ఛాతీ మీద, చేతుల మీద బరువు పడకూడదు. ఆయనకు అది ఎప్పుడో దాటిపోయింది, ఏడు నెలలైంది కాబట్టి మీకూ దాటిపోయింది.

ఆ కాగితాలు చూపించి ఆయన భార్యను లోపలికి పిలిచాను. ఆయన అనుమతితోనే అసలు సంగతి చెప్పాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: “నేనే సార్, ఆపరేషన్ అయినప్పటి నుంచి వేరే మంచం వేసుకున్న్యా. నిద్రలో ఊపిరి తీస్తాన్నాడో లేదోనని రాత్రిళ్లు లేసి చూస్తాంటి. నావల్ల ఆయప్పకు ఏమన్నా అయితే ఎట్ల సార్?” పద్నాలుగు నెలలుగా ఆయనేమో తన మీద ఇష్టం పోయిందని ఆమె దూరం జరిగిందనుకున్నాడు. ఆమె ఏమో ఆయన ప్రాణం కోసమే జరిగింది. ట్రెడ్‌మిల్ మీద ఇంతసేపు నడిచిన మనిషికి ఆ శ్రమవల్ల ప్రమాదం చాలా తక్కువని, ఆ గ్రాఫు కాగితం మీద వేలు పెట్టి ఆమెకు చూపించాను. మీ ఇంట్లో కూడా ఒకసారి అడిగి చూడండి. మీరనుకుంటున్న కారణమే ఆమెకు ఉండకపోవచ్చు.

ఇక నైట్రేటు. ఆపరేషన్‌కు ముందు నొప్పికి రాసిన మాత్ర అది. తర్వాత ఒక చీటీలోంచి ఇంకో చీటీలోకి అట్లాగే నడిచి వచ్చింది. బైపాస్ అయ్యాక ఆయనకు ఒక్కసారీ నొప్పి లేదు, ట్రెడ్‌మిల్‌లోనూ రాలేదు. అందుకని మోతాదు తగ్గించి, రెండు వారాల్లో పూర్తిగా ఆపించాను. ఇంకో నెల నడకలో నొప్పి రాలేదని చూసుకున్నాకే మందు రాశాను. ఇది నేను కాగితాలు ముందు పెట్టుకుని చేసిన పని మాస్టారూ. చదివి ఇంట్లో మీరే చేయకండి. నొప్పి ఇంకా ఉండి నైట్రేటు తప్పనిసరి అయినవాళ్లకు ఈ మాత్రల దారి మూసుకుపోయినట్టే. వాళ్లకు వ్యాక్యూమ్ పంపు లాంటి వేరే దారులు యూరాలజిస్టు చూపిస్తాడు.

సిల్డెనాఫిల్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. 65 దాటినవాళ్లకు అంతే మొదలు, పైగా ఆయన ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వాడుతున్నాడు. అదీ బీపీ తగ్గించేదే కాబట్టి రెండూ దగ్గరదగ్గరగా వేసుకోవద్దన్నాను. వారం తర్వాత ఫోన్ చేసి “పనిచేయల్యా సార్” అన్నాడు, గొంతులో నీరసం. ఎప్పుడు, ఎట్లా వేసుకున్నారని అడిగితే తెలిసింది, ఆదివారం మటన్ కూరతో సంగటి కడుపునిండా తిని, మాత్ర వేసుకుని, పడుకుని ఎదురుచూశాడట. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద ఈ మందు ఒంటికి పట్టడం బాగా ఆలస్యమవుతుంది. తేలికగా తిని, గంట ముందు వేసుకోవాలి. రెండోది, మాత్ర దానంతటది స్తంభన తెప్పించదు. దగ్గరితనం, స్పర్శ, కోరిక ఉంటేనే ఆ పదార్థం తయారవుతుంది, మాత్ర దాన్ని నిలబెడుతుంది. చెరువులోకి నీళ్లే రాకపోతే మరువకు అడ్డం కట్టి ఏం లాభం? సరైన పద్ధతిలో ఆరేడుసార్లు వాడి చూశాకే పనిచేయలేదని అనాలి. మూడోసారి నుంచి కొంత మార్పు కనపడింది. నెల తర్వాత బీపీ చూసి 50కి పెంచాను. కొంచెం తలనొప్పి, ముఖం వేడెక్కడం ఉన్నాయన్నాడు, అవి మామూలే. నాలుగు గంటలు దాటినా స్తంభన తగ్గకపోయినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పి ఉంచాను. ఈలోగా మూడు నెలల సగటు షుగరు 8.4 నుంచి 7.2కు వచ్చింది, దానికోసం ఆయన నడక పెంచాడు. వయసులో ఉన్నప్పటిలా లేదు, ప్రతిసారీ కుదరదు, అయినా ఇద్దరికీ చాలునని ఆయనే అన్నాడు.

ఆయనా మీలాగే మెటోప్రొలాల్ వాడుతున్నాడు, దాన్ని మార్చలేదు. మీ మిత్రుడి మాటలో కొంత నిజం ఉంది. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలతో కొందరికి స్తంభన తగ్గుతుంది. కానీ ఇటలీలో ఆ జాతిదే అయిన అటెనొలాల్ మీద చేసిన ఒక అధ్యయనంలో, ఏ మందో తెలియకుండా వేసుకున్నవాళ్లలో నూటికి ముగ్గురికి ఈ ఇబ్బంది వచ్చింది. అదే మందు, ఈ ఇబ్బంది రావచ్చని ముందే చెప్పి ఇస్తే నూటికి 31 మందికి వచ్చింది. అంటే ఆ మాట చెవిన పడటమే సగం పని చేస్తోంది. నిజంగా మీకు మాత్ర వల్లే అయితే మీ డాక్టరు నెబివొలాల్ లాంటి దానికి మార్చగలడు. ఆపడం మాత్రం దారి కాదు.

ఇప్పుడు మీ మాత్రల అట్టలన్నీ బల్ల మీద పరవండి. పైన పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు చూడకండి, కింద సన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. అందులో ‘నైట్రేట్’ అనిగానీ ‘నైట్రో’ అనిగానీ ఉంటే అదే ఇది: ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్, నైట్రోగ్లిజరిన్. నికోరాండిల్ పేరులో ఆ మాట కనపడదు గానీ అదీ ఈ జాతిదే. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి ఇచ్చిన సార్బిట్రేట్ కూడా ఇదే, పర్సులో మూలన పడి ఉన్నా లెక్కలోకే వస్తుంది. ఆ అట్టలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి పోండి. లేచేటప్పుడు అడుగుదాంలే అనుకోకండి, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నోరు మళ్లీ మూతపడుతుంది. కూర్చున్న వెంటనే, ఆయన బీపీ పట్టీ కడుతుండగానే, “సార్, అంగస్తంభన సరిగా ఉండటం లేదు, దానికి మాత్ర వాడొచ్చా, నా చీటీలో నైట్రేటు ఉందా” అని ఒక్క వాక్యంగా అనండి. నోటితో అనలేకపోతే అదే వాక్యం చీటీ మీద రాసి ఫైలులో పైన పెట్టి ఇవ్వండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ ఇబ్బంది ఎంతోమందికి ఉంటుంది. అది వినగానే మేము చూసేది మీ వయసును కాదు, మీ మందుల చీటీని.

ఆ పెద్దాయన ఇంట్లో మందుల బీరువా తలుపుకు ఇప్పుడొక అట్టముక్క అంటించి ఉందట. రాసింది ఆయన భార్య, నేను చెప్పిందే తన మాటల్లో: “ఈ మాత్ర వేసుకున్న 24 గంటల్లో గుండెనొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టొద్దు. 108కి ఫోన్ చెయ్యాల. వచ్చినోళ్లకు ముందు ఈ మాత్ర సంగతే చెప్పాల.” మీ డాక్టరు మీకు టడలాఫిల్ రాస్తే, ఆ 24 చోట 48 అని రాసుకోండి.